రాగ్, తాల్, ఆలాప్: ఈ మూడు మాటల అసలు అర్థం ఏమిటి? యమన్ వింటూ వాటిని ఎలా గుర్తుపట్టాలి?

మల్లెపందిరి
అందరికీ నమస్కారం. నేను సంగీతం నేర్చుకోలేదు. ఇంట్లో అమ్మ పాడే త్యాగరాజ కీర్తనలు, సినిమా పాటలు, అంతే నా పరిచయం. ఈ మధ్య హిందుస్తానీ గాత్రం వినడం మొదలుపెట్టాను. ప్రస్తుతం యమన్ రాగంలో ఒక ఖయాల్ రికార్డు వింటున్నాను, నలభై నిమిషాలకు పైనే ఉంటుంది. దాని వివరాల్లో "ఆలాప్, విలంబిత్ ఏక్‌తాల్, ద్రుత్ తీన్‌తాల్" అని రాశారు.

ఇక్కడే నాకు మూడు సందేహాలు వచ్చాయి. ఆలాప్ అంటే తబలా లేకుండా పాడేదని చదివాను. కానీ ఈ గాయకుడు తబలా మొదలైన తరువాత కూడా పది పదిహేను నిమిషాలు అదే ధోరణిలో "ఆ" అంటూ పాడుతూనే ఉన్నాడు. మరి ఆలాప్ ఎక్కడ అయిపోయినట్లు? రెండోది, తబలా స్పష్టంగా వినిపిస్తున్నా నేను తాళం వేయలేకపోతున్నాను. అసలు అక్కడ తాళం ఉందా అనిపిస్తోంది. మూడోది, యమన్ అంటే మన కల్యాణి అంటున్నారు. అంటే రాగం అన్నది ఒక స్వరాల వరుసకు పేరు మాత్రమేనా? ఈ మూడు మాటలకు మూలార్థం తెలిస్తే ఏం వినాలో తెలుస్తుందని ఆశ. తెలిసినవారు చెప్పగలరు.

అక్షరయజ్ఞం
అమ్మా, నేను తెలుగు పండితుడిగా పనిచేసి విరమించాను. సంగీతం వింటానే గాని పాడలేను. మాటల సంగతి వరకు చెబుతాను.

రాగం "రంజ్" ధాతువు నుంచి వచ్చింది. రంగు పట్టడం, ఎర్రబారడం, ఇష్టపడడం, ఈ మూడూ ఆ ధాతువులో ఉన్నాయి. సంధ్యారాగం అన్నప్పుడు రంగు, అనురాగం అన్నప్పుడు ఇష్టం. విరాగి అంటే ఆ రంగు వదిలినవాడు. సంగీతంలో ఈ మాటకు నిర్వచనం మతంగుని బృహద్దేశిలో దొరుకుతుంది. స్వరాలతో, వర్ణాలతో అలంకృతమై జనుల చిత్తాలను రంజింపజేసే ధ్వనివిశేషం రాగం అని దాని భావం.

తాళానికి మూలం "తల". కరతలం అంటే అరచేయి కదా. శార్ఙ్గదేవుడు పదమూడో శతాబ్దంలో రాసిన సంగీత రత్నాకరంలో దీన్నే ఒక మెట్టు ముందుకు తీసుకువెళ్లాడు. ప్రతిష్ఠ అనే అర్థమున్న ధాతువు నుంచి తాళం వచ్చిందని, గీతం, వాద్యం, నృత్తం మూడూ తాళంలోనే ప్రతిష్ఠితమై ఉన్నాయని ఆయన మాట. చరణతలం, భూతలం అన్నప్పుడు ఉన్నది కూడా ఆ అడుగు, ఆ నేలే.

ఆలాపం "లప్" ధాతువు నుంచి. లప్ అంటే మాట్లాడడం. సల్లాపం, విలాపం, ప్రలాపం అన్నీ ఆ ఇంటివే. ఆలాపం అంటే ఎదుటివారిని ఉద్దేశించి మాట్లాడడం, పలకరించడం. తబలా రాగానే పలకరింపు ముగిసి అసలు పాట మొదలవుతుంది. కాబట్టి మీ మొదటి సందేహానికి జవాబు, తబలా మొదటి దెబ్బతో ఆలాపం అయిపోయినట్లే.

గోదారిగట్టు
మాస్టారు చెప్పినదానికి చిన్న చేర్పు. తాళంలో "తా" అంటే తాండవం, "ల" అంటే లాస్యం. శివుడి తాండవం, పార్వతి లాస్యం కలిసి తాళం అయిందని మా గురువుగారు చెప్పేవారు.

నేను చిన్నప్పుడు ఆరేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. మల్లెపందిరి గారూ, కంగారు పడకండి. హిందుస్తానీలో పేర్లు మారతాయి, విషయం ఒకటే. రాగం అంటే ఆరోహణ, అవరోహణ. కల్యాణి స్వరాలే యమన్ స్వరాలు. మోహనం స్వరాలే భూపాలీ. ఆలాపన, ఆలాప్ ఒకటే. తాళాలు కూడా అంతే, రూపకం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

నెల్లూరుగాలి
తాళం గురించే కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, కీబోర్డు నేర్చుకుంటున్నాడు. వాడి ఫోనులో తబలా మోగించే యాప్ ఒకటి ఉంది. దానిలో తీన్‌తాల్, దాద్రా, కెహర్వా అని చాలా ఉన్నాయి. వాడు ఏ పాటకైనా కెహర్వా పెట్టేస్తున్నాడు. పరవాలేదా? ఏ పాటకు ఏది పెట్టాలో పట్టిక ఏదైనా ఉందా?

ధాధిన్‌ధిన్‌ధా
నెల్లూరుగాలి గారూ, పట్టిక ఉండదు. పాట నడక చూడాలి. మీ అబ్బాయి పాట నాలుగు నాలుగుగా నడిస్తే కెహర్వా సరిపోతుంది, అది ఎనిమిది మాత్రలు, అంటే ఎనిమిది దెబ్బల చుట్టు. మూడు మూడుగా ఊగితే దాద్రా, ఆరు మాత్రలు. మూడు మూడుగా నడిచే పాటకు కెహర్వా పెడితే రెండో చుట్టుకే పాట ఒకవైపు, తబలా ఒకవైపు పోతాయి. మీకు కూడా వినగానే తెలిసిపోతుంది.

ఇక అసలు ప్రశ్న. నేను చాలా ఏళ్లుగా తబలా వాయిస్తున్నాను. గోదారిగట్టు గారి మాటలో రెండు చోట్ల ఆగాలి.

తాండవ లాస్యాల కథ అందంగా ఉంటుంది, తబలా తరగతుల్లో కూడా చెబుతారు. కానీ అది అక్షరాలు విడదీసి తరువాత చెప్పుకున్న వివరణ. వింటున్నప్పుడు పనికొచ్చేది మాస్టారు చెప్పిన అరచేయే. హిందుస్తానీలో తాళాన్ని చేతితో చూపేటప్పుడు చప్పట్లు పడే చోటును తాలీ అంటారు. చప్పట్లు కొట్టకుండా చేయి పక్కకు విసిరే చోటు ఖాలీ. చుట్టు మొదలయ్యే మాత్ర సమ్. భాత్‌ఖండే పద్ధతిలో రాసిన పుస్తకాల్లో సమ్‌కు గుణకారం గుర్తు, ఖాలీకి సున్నా వేస్తారు.

రెండోది రూపకం. కర్ణాటకంలో మామూలుగా వేసే రూపకం ఆరుకు వస్తుంది. హిందుస్తానీ రూపక్ ఏడు మాత్రలు, పైగా దాని మొదటి మాత్రే ఖాలీ. పేరు చూసి ఆరు లెక్కపెడితే ప్రతి చుట్టుకూ ఒక మాత్ర తప్పుతారు. పేర్లు మారి విషయం ఒకటే కావడం కాదు, ఇక్కడ పేరు ఒకటే, విషయం వేరు.

గోదారిగట్టు
రూపక్ సంగతి ఒప్పుకుంటాను, ఏడని నాకు తెలియదు. కానీ రాగం విషయంలో నా మాట మీదే ఉన్నాను. స్వరాలు ఒకటైతే రాగం ఒకటే కదా?

పాతరికార్డులు
కాదండీ. దానికి మోహనం, భూపాలీలనే ఎందుకు, హిందుస్తానీ లోపలే ఉదాహరణ ఉంది. భూపాలీ, దేశ్‌కార్ అని రెండు రాగాలు. రెండింటిలోనూ స రే గ ప ధ, ఈ అయిదే. ఒక్క స్వరం తేడా లేదు. హార్మోనియం మీద మెట్లు నొక్కి చూపిస్తే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. పాడితే మాత్రం విన్నవాళ్లకు కొద్దిసేపట్లోనే తెలుస్తుంది.

తేడా ఎక్కడంటే, ఆగే చోటులో. భూపాలీ గ మీద నిలబడుతుంది. కింది ధ నుంచి స, రే మీదుగా గ దగ్గరకు వచ్చి విశ్రమిస్తుంది, పైకి వెళ్లినా "ప గ, ధ ప గ రే స" అంటూ మళ్లీ గ మీదుగానే ఇంటికి వస్తుంది. దేశ్‌కార్ బరువంతా పై సగంలో, ధ మీద. "గ ప ధ, ధ ప" అంటూ అక్కడే తిరుగుతుంది, రే మీద ఆగదు, తాకి వదిలేస్తుంది. భూపాలీ రాత్రి మొదటి ఝాములో పాడతారు, దేశ్‌కార్ పొద్దుటిపూట. ఒకవేళ గాయకుడు దేశ్‌కార్ పాడుతూ రే మీద రెండు సార్లు నిలబడ్డాడనుకోండి, సభలో తెలిసినవాళ్లు మొహాలు చూసుకుంటారు. అపస్వరం పడలేదు, అయినా రాగం చెడింది. ఒకే పప్పు, ఒకే చింతపండుతో పప్పుచారు వేరు, పప్పుపులుసు వేరు కావడం లాంటిదే ఇది.

మాస్టారు చెప్పిన మతంగుడి నిర్వచనంలో "వర్ణాలతో" అన్న మాట ఉంది చూడండి. సంగీత శాస్త్రంలో వర్ణం అంటే స్వరాల కదలిక. నిలకడగా ఉండడం, పైకి వెళ్లడం, దిగడం, కలగలిసి తిరగడం. స్వరాలు మాత్రమే చాలితే ఆ మాట అక్కడ ఉండనక్కరలేదు.

పేర్ల సంగతికి వస్తే మరో చిక్కు. కర్ణాటక భూపాలం, హిందుస్తానీ భూపాలీ ఒకటి కావు. మన భూపాలం తెల్లవారుజాము రాగం, దాని స్వరస్థానాలే వేరు. అలాగే కర్ణాటక హిందోళానికి దగ్గరగా ఉండేది మాల్కౌఁస్, వాళ్ల హిండోల్ కాదు. ఆ పేరు చూసి రికార్డు కొన్నవాళ్లను నేను చూశాను.

మల్లెపందిరి
చాలా సంతోషం. అయితే యమన్‌లో నేను వెతకవలసిన ఆ "ఆగే చోటు" ఏది? పైగా తబలాతోనే ఆలాప్ అయిపోయిందన్న మాస్టారి జవాబు నా రికార్డుకు కుదరడం లేదు. అక్కడ పలకరింపు ఇంకా సాగుతూనే ఉంది.

టెక్సస్‌తెలుగు
ఆ ప్రశ్నే మా ఇంట్లోనూ వచ్చింది. మా అమ్మాయి ఆన్‌లైన్‌లో హిందుస్తానీ గాత్రం నేర్చుకుంటోంది. వాళ్ల టీచరు మొన్న ఒక పాట నేర్పి "ఈ బందిష్‌కు ఎనిమిది ఆలాప్‌లు రాసుకో, ఒక్కొక్కటి ఒక ఆవర్తనంలో ముగియాలి" అని చెప్పారు. అంటే ఆలాప్ తాళంలోనే ఉన్నట్లు కదా! నేను చదివిన పుస్తకంలో మాత్రం తాళం లేనిదే ఆలాప్ అని ఉంది. పాప నన్ను అడుగుతోంది, ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

ధాధిన్‌ధిన్‌ధా
టీచరు చెప్పింది సరే, పుస్తకంలో ఉన్నది కూడా సరే. ఖయాల్ పాడేవాళ్లు ఆ మాటను రెండు చోట్ల వాడతారు.

మల్లెపందిరి గారి రికార్డునే తీసుకుందాం, యమన్, నెమ్మదిగా నడిచే విలంబిత్ ఏక్‌తాల్. మొదట తాన్‌పురా ఒక్కటే ఉంటుంది. గాయకుడు స పట్టుకుని, కింది ని దగ్గరకు దిగి, "ని రే స" అని వస్తాడు. తరువాత "ని రే గ" అని గ మీద నిలబడతాడు. యమన్‌లో మీరు వెతకవలసిన చోటు ఆ గ, దానికి జోడుగా ని. పైకి వెళ్లేటప్పుడు తరచూ స ను, ప ను దాటేసి "ని రే గ మ ధ ని" అని వెళతాడు, ఆ మ తీవ్రం. సాధకం చేసినట్లు "స రే గ మ ప" అని వరసగా మెట్లెక్కడు. ఖయాల్‌లో ఈ భాగం మామూలుగా చిన్నది, రెండు మూడు నిమిషాలు. అందులో రాగం ముఖం చూపిస్తాడు, మొత్తం విప్పడు.

తరువాత బందిష్ మొదటి మాటలు అందుకుంటాడు. దాన్ని ముఖడా అంటారు. ఆ ముఖడాలో ఒక అక్షరం మీద బరువు పడుతుంది, సరిగ్గా అక్కడ తబలా ప్రవేశిస్తుంది. ఆ దెబ్బే సమ్. కొత్తగా వినేవాళ్లకు ఇంతకంటే మంచి ఆనవాలు లేదు. తబలా మొట్టమొదట పడిన అక్షరం ఏదో గుర్తుపెట్టుకోండి. ఇకమీదట అర్ధగంట పాటు ప్రతి చుట్టులోనూ గాయకుడు ఆ అక్షరానికే తిరిగి వస్తాడు.

బందిష్ మొదటి భాగమైన స్థాయి పాడిన తరువాత మొదలయ్యేది బఢత్. ఒక్కొక్క స్వరాన్ని తీసుకుని నెమ్మదిగా పెంచుకుంటూ పోవడం. స చుట్టూ ఒక చుట్టు, రే వరకు ఒక చుట్టు, గ దగ్గర రెండు మూడు చుట్లు, ఇలా తార స వరకు. "ఆ" అంటూ పాడవచ్చు, బందిష్ మాటలు పట్టుకుని పాడవచ్చు. మాటలతో పాడితే బోల్ ఆలాప్ అంటారు. ధోరణి తబలా రాకముందు ఉన్నదే, ఒక నియమం మాత్రం కొత్తగా చేరింది. ఎంత దూరం వెళ్లినా చుట్టు చివరికి ముఖడా పట్టుకుని సమ్ మీదకు రావాలి. మీరు పది పదిహేను నిమిషాలు విన్నది ఇదే. టెక్సస్‌తెలుగు గారూ, మీ అమ్మాయికి టీచరు రాసుకోమన్నది కూడా ఇదే.

అక్షరయజ్ఞం
ఇది తెలిసి సంతోషం కలిగింది. అయితే నాకొక సందేహం. దానికి బఢత్ అని వేరే పేరు ఉండగా దాన్ని కూడా ఆలాప్ అనడం ఎందుకు? కొత్తవాళ్లను తికమకపెట్టడమే కదా. తాళానికి కట్టుబడిన దానిని ఆలాపం అనకూడదనే నా అభిప్రాయం.

పాతరికార్డులు
మాస్టారూ, పాడేవాళ్ల నోట ఉన్న మాటను మనం దిద్దలేం. పైగా ఆ చుట్టు మధ్యలో గాయకుడు మాత్రమాత్రకూ కట్టుబడి ఉండడు. కింద తబలా తన దారిన నడుస్తుంటే పైన గొంతు స్వేచ్ఛగా తిరుగుతుంది. రెండూ కలిసేది ముఖడా దగ్గరే. అందువల్ల ఆ మాట అక్కడ తప్పని నేను అనుకోను.

తాళం పూర్తిగా లేని ఆలాప్ వినాలంటే ధ్రుపద్ అనే గాన పద్ధతి వినండి. డాగర్ కుటుంబం వారి రికార్డులు దొరుకుతాయి. అందులో ఆలాప్ ముప్పావు గంట, గంట కూడా సాగుతుంది. "రీ, నా, తే, నోం, తోం" అంటూ అర్థం లేని అక్షరాలతో పాడతారు. ఆ అక్షరాలు "ఓం హరి అనంత నారాయణ" అన్న మంత్రం నుంచి వచ్చాయని వాళ్ల సంప్రదాయం. మృదంగం లాంటి పఖావజ్ వాయించేవాడు అంతసేపూ చేతులు కట్టుకుని కూర్చుంటాడు.

దీనికి పూర్తిగా ఎదురు కొసన పాత 78 ఆర్‌పీఎం రికార్డులు ఉన్నాయి. ఒక్కో పక్క మూడు నిమిషాలు, కాస్త పైన. నా దగ్గరున్న వాటిలో కొన్నింటిలో ఆలాప్ ఒక్క ఊపిరి. రాగం పేరు చెప్పడానికి ఎంత కావాలో అంతే పాడి నేరుగా బందిష్‌లోకి దూకుతారు. మొదటిసారి వినేవాళ్లకు నేను ముందు అవే ఇస్తాను. ఒక్క వాక్యంలో యమన్ అని తెలియజేయాలంటే ఏ పదబంధం ఎంచుకోవాలో ఆ పాతవాళ్లకు బాగా తెలుసు.

టెక్సస్‌తెలుగు
సితార్ కచేరీలో చూసిన సంగతి కూడా అడుగుతాను. తబలా లేకుండానే కొంతసేపటికి లయ మొదలైంది, నేను కాలితో దరువు వేయగలిగాను. పక్కనున్నాయన అది ఇంకా ఆలాపే అన్నారు. దరువు ఉన్నాక తాళం లేకపోవడం ఏమిటి?

ధాధిన్‌ధిన్‌ధా
మీరు విన్నది జోడ్. దానిలో లయ ఉంది, తాళం లేదు. సమానమైన అంతరంతో దెబ్బలు పడుతుంటే అది లయ. ఆ దెబ్బలు పదహారో పన్నెండో లెక్కగా ఒక చుట్టు కట్టి, ఆ చుట్టుకు ఒక మొదలు ఉంటే అది తాళం. జోడ్‌లో మీరు కాలితో ఎంతసేపైనా దరువు వేయవచ్చు, కానీ "ఇది ఒకటో దెబ్బ" అని చూపించలేరు. చూపించగలిగితే అది తాళం. ఆ తరువాత వేగం పెరిగి చికారీ తీగలు మోగించే భాగం ఝాలా. అక్కడ కూడా తబలా వచ్చేవరకు చుట్టు ఉండదు.

మల్లెపందిరి
మీరందరూ చెప్పాక మళ్లీ విన్నాను. ముఖడా అక్షరం దొరికింది, దాన్ని పట్టుకుని సమ్ గుర్తుపట్టగలుగుతున్నాను. కానీ రెండు సమ్‌ల మధ్యలో నేను ఎక్కడున్నానో తెలియడం లేదు. అమ్మ కీర్తన పాడితే ఆది తాళం ఇట్టే వేయగలను. ఇక్కడ చేయి ఆడడం లేదు.

ధాధిన్‌ధిన్‌ధా
చేయి ఆడకపోవడం సహజం. విలంబిత్‌లో ఒక మాత్ర నాలుగు సెకన్లు సాగుతుందనుకోండి. ఏక్‌తాల్ పన్నెండు మాత్రలు, అంటే ఒక చుట్టుకు 48 సెకన్లు. నాలుగు సెకన్లకు ఒక దెబ్బను మనిషి లయగా పట్టుకోలేడు. అందుకే తబలా వాయించేవాడు ప్రతి మాత్రను నాలుగుగా చీల్చి నింపుతాడు. మీ చెవి ఆ చిన్న దెబ్బలను పట్టుకుంటోంది, అవి చుట్టుకు 48. వాటిని ఎవరూ చేతితో లెక్కపెట్టరు.

మరో తేడా కూడా ఉంది. కర్ణాటక కచేరీలో తాళం గాయకుడి చేతిలో ఉంటుంది, మృదంగం దానిచుట్టూ అల్లుకుంటుంది. ఇక్కడ తాళం తబలాలోనే ఉంది. ప్రతి తాళానికి ఠేకా అని స్థిరమైన బోల్స్ వరుస ఉంటుంది. దాన్ని గుర్తుపడితే చేయి అవసరం లేదు. ఏక్‌తాల్ ఠేకా ఇది:

ధిన్ ధిన్ | ధాగే తిరకిట | తూ నా | కత్ తా | ధాగే తిరకిట | ధిన్ నా

ఇందులో "తిరకిట" రెండు చోట్ల ఉంది, నాలుగో మాత్రలో ఒకటి, పదో మాత్రలో ఒకటి. విలంబిత్‌లో ఆ నాలుగు అక్షరాలు విడివిడిగా, నింపాదిగా పడతాయి, తేలిగ్గా తెలుస్తాయి. ఇప్పుడు దాని తరువాత ఏం పడిందో వినండి. నాలుగో మాత్ర తిరకిట తరువాత "తూ నా", అందులో ఎడమ తబలా గుమ్మనే మోత ఉండదు, పొడిగా ఉంటుంది. అలా వినిపిస్తే మీరు చుట్టు మధ్యలో ఉన్నారు. పదో మాత్ర తిరకిట తరువాత "ధిన్", ఎడమ తబలా నిండుగా మోగుతుంది. అది వినిపించిందంటే సమ్ రెండు మాత్రల దూరంలోనే ఉంది. చాలా బందిష్‌లలో గాయకుడు ముఖడా అందుకునేది కూడా ఆ చుట్టుపక్కలే.

ఒక జాగ్రత్త. పుస్తకంలో ఏక్‌తాల్‌కు మూడో మాత్ర, ఏడో మాత్ర ఖాలీ అని ఉంటుంది. మూడో మాత్రలో "ధాగే" ఉంది, అది నిండు శబ్దమే. కాబట్టి ఏక్‌తాల్‌లో ఖాలీని చెవితో వెతకకండి, దొరకదు. తిరకిటనే నమ్ముకోండి.

గోదారిగట్టు
తీన్‌తాల్‌లో అయితే ఖాలీ వినిపిస్తుందా?

ధాధిన్‌ధిన్‌ధా
వినిపిస్తుంది, కొంచెం ఆలస్యంగా. మామూలు ఠేకా రాస్తాను:

ధా ధిన్ ధిన్ ధా | ధా ధిన్ ధిన్ ధా | ధా తిన్ తిన్ తా | తా ధిన్ ధిన్ ధా

చేతితో ఖాలీ చూపేది తొమ్మిదో మాత్ర దగ్గర. కానీ ఈ ఠేకాలో తొమ్మిదోది ఇంకా "ధా", ఎడమ తబలా ఉంది. ఆ మోత తగ్గేది పదో మాత్రలో, పదమూడు వరకు పొడిగా నడిచి పద్నాలుగో మాత్ర "ధిన్" దగ్గర మళ్లీ మోగుతుంది. కొందరు తొమ్మిదో మాత్రలో "నా" వాయిస్తారు, అప్పుడు సరిగ్గా ఖాలీ దగ్గరే పొడిబారుతుంది. ఎలాగైనా మీరు పట్టుకోవలసింది ఎడమ తబలా తిరిగి మోగే పద్నాలుగో మాత్రను. అక్కడి నుంచి మూడు మాత్రలు దాటగానే సమ్.

ద్రుత్‌లో ఇది చాలా వేగంగా జరిగిపోతుంది, అయినా విలంబిత్ కంటే తేలిక. చుట్టు పొట్టిది కాబట్టి మళ్లీ మళ్లీ వస్తుంది. మల్లెపందిరి గారూ, మీ రికార్డు చివరి పది నిమిషాలు ముందు వినండి. అక్కడ తీన్‌తాల్ చెవికి పట్టాక వెనక్కి వెళ్లి విలంబిత్ వినండి.

పాతరికార్డులు
ఇక్కడ నేను తబలా వారితో పూర్తిగా ఏకీభవించను. మాత్రలు లెక్కపెడుతూ కూర్చుంటే రాగం చేజారిపోతుంది. నేను ఏళ్ల తరబడి వింటున్నాను, లెక్కపెట్టను. జస్‌రాజ్ గారు తండ్రి మోతీరామ్, అన్న మణిరామ్‌ల స్మృతిగా హైదరాబాదులో ఏటా జరిపిన ఉత్సవానికి వెళ్లేవాణ్ణి. అక్కడ వింటున్నవాళ్లలో ఎక్కువమంది వేళ్లు మడిచేవాళ్లు కాదు, కానీ సమ్ దగ్గర వందల తలలు ఒక్కసారి ఊగేవి. ముఖడా తెలిస్తే చాలు. కొత్తవాళ్లు ముందు గ ఎక్కడ నిలిచిందో వినాలి, ఆ తరువాతే తిరకిట.

ధాధిన్‌ధిన్‌ధా
ఆ తలలు ఊగడం వెనుక ఏళ్ల వినికిడి ఉందండీ. అది లేనివారికి పట్టుకోవడానికి ఏదో ఒక కొమ్మ కావాలి. లెక్కపెట్టమని నేనూ అనలేదు, తిరకిట తరువాత ఏం మోగిందో వినమన్నాను.

అక్షరయజ్ఞం
నాకు ఇంకొక ప్రశ్న. దేశ్‌కార్ పొద్దున, భూపాలీ రాత్రి అన్నారు. దేశ్‌కార్‌ను రాత్రి పాడితే రంజన ఉండదా? రంగు అన్నది స్వరంలో ఉందా, వేళలో ఉందా?

పాతరికార్డులు
నా వరకు వేళ కూడా రాగంలో భాగమే. దేశ్‌కార్ రాత్రి వింటే ఏదో తప్పినట్లు ఉంటుంది నాకు. కానీ రికార్డులు వచ్చాక ఎవరు ఏ వేళ వింటున్నారో ఎవరికి తెలుసు? కర్ణాటక కచేరీల్లో ఈ పట్టింపు చాలావరకు లేదు, అక్కడ ఎవరూ రాగం పలుచబడిందని అనడం లేదు. అందువల్ల ఇది అలవాటు వల్ల వచ్చిందే అని వాదించేవాళ్లకు నా దగ్గర గట్టి జవాబు లేదు.

గోదారిగట్టు
నేను సాయంత్రం భూపాలీ, పొద్దున దేశ్‌కార్ రెండూ విని చూశాను. మోహనం చెవితో వింటే మొదట రెండూ ఒకటిగానే ఉన్నాయి. ధ మీద నిలబడడం గమనించాక దేశ్‌కార్ వేరుగా వినిపించింది. స్వరాలు ఒకటైతే రాగం ఒకటే అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇక రూపక్ మిగిలింది. మొదటి మాత్రే ఖాలీ అయితే, సమ్ దగ్గర ఆ గుమ్మనే మోత ఉండదు కదా. మరి అక్కడ సమ్ ఎలా తెలుస్తుంది?

ధాధిన్‌ధిన్‌ధా
రూపక్ ఠేకా "తిన్ తిన్ నా | ధిన్ నా | ధిన్ నా". మూడు మాత్రలు పొడిగా, తరువాతి నాలుగు నిండుగా. మిగతా తాళాల్లో ఎడమ తబలా మోగేచోట వెతికినట్లు ఇక్కడ అది ఆగేచోట వెతకండి. నిండుగా నడుస్తున్న శబ్దం హఠాత్తుగా పొడిబారిన మొదటి "తిన్", అదే సమ్. గజళ్లలో రూపక్ తరచూ వినిపిస్తుంది, వాటితో మొదలుపెడితే తొందరగా పట్టుబడుతుంది.